చెరువు అడుగున బస్సు

శ్రీకృష్ణదేవరాయలకు వచ్చిన కలలో సందిగ్ధం ఏమీ లేదు. కళింగ దండయాత్ర దారిలో కృష్ణాతీరాన శ్రీకాకుళంలో ఆగినప్పుడు ఆంధ్రమహావిష్ణువు కలలో కనిపించాడనీ, గోదాదేవితో తన పెళ్లి కథ రాయమన్నాడనీ, అదీ తెలుగులోనే రాయమన్నాడనీ ఆముక్తమాల్యద అవతారికలో ఉంది. అంకితం ఎవరికివ్వాలో కూడా దేవుడే చెప్పాడు. అంతకు ముందు తిక్కనకూ అంతే. తండ్రి కొమ్మన కలలోకి వచ్చి హరిహరనాథుడి అనుగ్రహం సంగతి చెప్పి వెళ్లాడు. ఆ కలలు ఆజ్ఞాపత్రాలు. కవి చేయవలసిందల్లా శిరసావహించడమే.

మామూలు మనుషులకు ఇంత సౌకర్యమైన కలలు రావు. తెల్లారి లేచేసరికి మిగిలేది ఒక ముక్క. దానికి ముందేమిటో తెలియదు, తర్వాతేమిటో తెలియదు. కానీ ఆ ముక్క రోజంతా వదలదు. అలాంటి ముక్కను కవిత చేయబోతే సాధారణంగా రెండు ప్రమాదాల్లో ఒకటి జరుగుతుంది. ఉన్నదున్నట్టు కుమ్మరిస్తే చదివేవాడికి తలాతోకా తెలియదు. అర్థం చెప్పబోతే కల ఆవిరైపోతుంది. ఈ రెంటి మధ్య దారి ఎక్కడుందో ఒక కలను పట్టుకుని చూడటమే సులువు.

ఈ వ్యాసం కోసమే ఒక కలను అల్లుకుందాం. కన్నది నడివయసు టీచరు. తండ్రి పోయి చాలా ఏళ్లయింది. ఆయన కూడా బడిపంతులే. ఆమె లేవగానే నోటుపుస్తకంలో రాసుకున్నది ఇది:

"బస్సు. బయట చెరువు నీళ్లు, అద్దాల పైదాకా. లోపలికి రావడం లేదు. కండక్టర్ నాన్న. నన్ను గుర్తుపట్టలేదు. నోటు ఇచ్చాను. చిల్లర లేదని టికెట్ వెనక ఏదో అంకె రాశాడు. సీటు కింద మేక. డ్రైవర్ సీట్లో మా లెక్కల మాస్టారు. ఎవరిదో బుట్ట అడ్డం. తర్వాత పెళ్లిపందిరి. నా చెప్పులు పోయాయి."

ఈ నోటులో మెచ్చుకోవలసింది ఒకటుంది. ఎక్కడా "ఎందుకంటే" లేదు, "బహుశా" లేదు. 1899 చివర్లో వెలువడిన కలల గ్రంథంలో ఫ్రాయిడ్ ఒక సంగతి చెప్పాడు. మెలకువ వచ్చే మనసు కలను ఉన్నదున్నట్టు ఉంచదు, ఖాళీలు పూడ్చి, అతుకులు వేసి, కథలా సాపు చేస్తుంది. ఫ్రాయిడ్ చెప్పిన మిగతా అర్థాలను ఒప్పుకున్నా ఒప్పుకోకపోయినా ఈ ఒక్క మాట రాసేవాళ్లకు పనికొస్తుంది. సాయంత్రం దాకా ఆగి రాసుకుంటే ఆ టీచరు "నాన్న కండక్టర్ వేషంలో నన్ను చూడటానికి వచ్చాడు" అని రాసుకునేది. కలలో అలా జరగలేదు. ఆయన చూడటానికి రాలేదు, టికెట్ ఇవ్వడానికి వచ్చాడు. తేడా అంతా అక్కడే ఉంది.

రాసుకోవడానికి వ్యవధి కూడా తక్కువే. కళ్లు వేగంగా కదిలే నిద్ర దశ సుమారు తొంభై నిమిషాలకొకసారి వస్తుంది. చిక్కని కలలు ఎక్కువగా ఆ దశలోనే వస్తాయి. తెల్లవారేకొద్దీ అది ఒక్కోసారీ ఎక్కువసేపు ఉంటుంది. తెల్లవారుజాము కల నిజమవుతుందంటారు. నిజమవడం సంగతి ఎలా ఉన్నా, గుర్తుండే అవకాశం దానికే ఎక్కువ. అదీ మంచం దిగి పళ్లు తోముకునేలోపే చెదిరిపోతుంది. అందుకే వాక్యాల కోసం వెతుక్కోకుండా వస్తువులూ పనులూ మాత్రం రాసుకోవాలి. ఏది తడిగా ఉంది, ఎవరు ఏ మాట అన్నారు, చేతిలో ఏముంది. భావాలు తర్వాత రాసుకోవచ్చు, వాటికి అంత తొందర లేదు.

ఈ విషయంలో కీట్స్ అనుభవం తెలుసుకోదగ్గది. 1819 వసంతంలో అమెరికాలో ఉన్న తమ్ముడికీ మరదలికీ రాసిన ఉత్తరంలో ఆయన ఒక కల గురించి చెప్పాడు. డాంటే నరకవర్ణనలో పావొలో, ఫ్రాన్సెస్కాల కథ వచ్చే అయిదో సర్గ చదివాక తనకూ ఆ లోకమే కలలోకి వచ్చిందట. జీవితంలో అంత ఆనందం కొద్దిసార్లే కలిగిందట. దాని మీద సానెట్ రాశాడు. పద్నాలుగు పాదాలైతే వచ్చాయి గానీ, తాను అనుభవించింది వాటిలో లేనే లేదని అదే ఉత్తరంలో వాపోయాడు. కీట్స్ అంతటివాడికే కలలోని అనుభూతి తిన్నగా కాగితం మీదికి రాలేదు. అనుభూతి కల కన్నవాడి దగ్గరే ఉండిపోతుంది. పాఠకుడికి చేరేది వస్తువు మాత్రమే. ఆ వస్తువు నుంచి పాఠకుడు తన అనుభూతిని తానే పుట్టించుకోవాలి.

మన టీచరు తొలి ప్రయత్నం ఇలా ఉందనుకుందాం:

నీలం మేక సీటు కింద నవ్వుతోంది
లెక్కల మాస్టారు స్టీరింగుతో భాగహారం చేస్తున్నాడు
చెరువు బస్సెక్కింది
నాన్న నక్షత్రాలకు టికెట్లు కొడుతున్నాడు
పెళ్లిపందిట్లో నా చెప్పులు ఏడుస్తున్నాయి

అయిదు పాదాలు, అయిదు లోకాలు. ఒకదాని వింత ఇంకోదాన్ని చెరిపేస్తోంది. నోటుపుస్తకంతో పోల్చి చూస్తే ఇంకో గమ్మత్తు బయటపడుతుంది. మేక నీలంగా లేదు, నవ్వలేదు. చెప్పులు ఏడవలేదు, పోయాయంతే. నక్షత్రాలు అసలు రానే లేదు. కల చాలినంత వింతగా లేదని భయపడి, రాసేటప్పుడు వింతను పంపు కొట్టి ఎక్కించారు. నిజమైన కలకీ కృత్రిమమైన కలకీ తేడా పట్టేయడానికి ఇదో గుర్తు. కృత్రిమ కలలో ప్రతి నామవాచకమూ విచిత్రమైన విశేషణంతో వస్తుంది. అసలు కలలో చాలా భాగం చప్పగా, రోజువారీగా ఉంటుంది. చిల్లర లేదనడం, బుట్ట అడ్డముండడం లాంటివి.

ఇలా కుమ్మరించడానికి సర్రియలిజాన్ని సాకుగా చెప్పేవారున్నారు. 1924 నాటి తొలి ప్రణాళికలో ఆంద్రే బ్రెటన్ కోరింది హేతువు కాపలా లేకుండా మనసును కాగితం మీద పరుగెత్తనివ్వడం. తెలుగులో శ్రీశ్రీ, శ్రీరంగం నారాయణబాబు ఆ దారి పట్టి చూశారు. అది ముడిసరుకు బయటికి తీసే గట్టి పద్ధతి. కానీ ఆ టీచరుకు ముడిసరుకు నోటుపుస్తకంలో ముందే ఉంది. ఇప్పుడు కావలసింది ఏరడం.

రెండో ప్రయత్నంలో ఆమె అటు చివరికి వెళ్లిపోయింది:

జీవితమనే బస్సులో
జ్ఞాపకాల చెరువు దాటుతుంటే
కాలమనే కండక్టర్
ప్రేమ బాకీ రాసిచ్చాడు

ఇందులో గందరగోళం లేదు. కలా లేదు. "అనే" తగిలించిన ప్రతిచోటా ఒక వస్తువు చచ్చిపోయింది. జీవితమనే బస్సులో సీట్లుండవు, అద్దాలకు నాచు పట్టదు. కాలమనే కండక్టర్‌కు చిల్లర కొరత ఎందుకొస్తుంది? కవిసమ్మేళనాల్లో వినబడే కల కవితల్లో ఎక్కువభాగం ఈ జబ్బుతోనే పోతున్నాయని ఒప్పుకోవాలి. గందరగోళంతో పోయేవి తక్కువే.

మూడో ప్రయత్నానికి ముందు కత్తెర పట్టాలి. ఏది ఉంచాలి, ఏది తీసెయ్యాలి? "కలలో ఉంది కదా" అనేది జవాబు కాదు. ఒక్కో వస్తువునూ తీసేసి చూడటమే పరీక్ష. మేకను తీస్తే ఏమీ కూలదు. చెప్పులు, పెళ్లిపందిరి తీసినా అంతే, అవి వేరే కల తునకలు. లెక్కల మాస్టారి సంగతి వేరు. ఆయన ఉంటే పాఠకుడి చూపు డ్రైవర్ సీటు వైపు పోతుంది. ఆయనెవరు, నాన్నకేమవుతాడు, ఎటు తోలుతున్నాడు అని ఇంకో కథ మొదలవుతుంది. చక్కటి బొమ్మే, అయినా తీసెయ్యాలి. ఇంకో పేజీలో దాచుకోవచ్చు.

మరి నీళ్లు? ఈ కవితకు అసలు నొప్పి కండక్టర్ దగ్గరుంది కదా, బస్సు మామూలు రోడ్డు మీదే పోవచ్చు కదా? తీసి చూస్తే తెలుస్తుంది. రోడ్డు మీది బస్సులో చనిపోయిన తండ్రి కండక్టర్‌గా కనిపిస్తే, పాఠకుడు "ఎవరో నాన్నలా ఉన్నాడు కాబోలు" అని సర్దుకుంటాడు. చెరువు అడుగున బస్సు పోతుంటే ఆ సర్దుబాటు కుదరదు. లోకం మారిందని మొదటి పాదమే చెప్పేసింది కాబట్టి నాన్న నాన్నే అవుతాడు. అంటే నీళ్లకు ఇక్కడ పనుంది. పని ఉన్న వింత నిలుస్తుంది.

అలా నిలిచిన వింతకు ఒక నియమం ఉండాలి. ఈ కలలో నియమం సరళం: చుట్టూ నీళ్లు, లోపల పొడి. దాన్ని ఒకసారి చెప్పాక కవిత చివరిదాకా పాటించాలి. నాలుగో పాదంలో చేప కిటికీలోంచి దూరితే నియమం చెడుతుంది, ఇక ఏదైనా జరగొచ్చనిపిస్తుంది. ఏదైనా జరగొచ్చనిపించిన చోట ఏం జరిగినా పాఠకుడికి పట్టదు. నీళ్లు తప్ప మిగతాదంతా ఆర్టీసీ బస్సులో జరిగినట్టే జరగాలి. టికెట్ వెనక బాకీ రాయడం ఆ బస్సెక్కిన ఎవరికైనా తెలిసిందే. కలలోని ఆ చిన్న వ్యవహారాన్ని ఎంత కచ్చితంగా చూపిస్తే చెరువు అంత నమ్మదగ్గదవుతుంది.

బస్సులో ఎవరూ ఆశ్చర్యపోకూడదు కూడా. కళ్లు కదిలే నిద్రలో మెదడు ముందుభాగంలో తర్కానికీ తనిఖీకీ ఆధారమైన ప్రాంతాలు బాగా మందగిస్తాయని నిద్రను చదివినవారు చెబుతారు. కలలో మనకు ఏదీ విడ్డూరంగా తోచకపోవడానికి అదొక కారణం. కవితలో "అయ్యో, బస్సు నీళ్లలో ఎలా పోతోంది!" అని ఒక్క పాదం రాసినా అది మేలుకున్నవాడి గొంతు. "ఏదో", "ఎక్కడో", "ఎవరో" కూడా అలాంటి గొంతులే. మసకగా ఉంటే కలలా ఉంటుందనుకుని వాటిని వాడతారు. కలలో వస్తువులు మసకగా ఉండవు, వాటి మధ్య కారణాలే ఉండవు. "బస్సు చేపలా ఈదుతోంది" అన్నా దెబ్బే. పోలిక చెప్పగానే బస్సు రోడ్డెక్కేస్తుంది, చేప అలంకారమైపోతుంది.

తెలుగులో రాసేవారికి ఒక ప్రత్యేకమైన చిక్కుంది. మన వాక్యం కర్త లేకుండా హాయిగా నడుస్తుంది. నోటులో "గుర్తుపట్టలేదు" అని విడిగా ఉంటే ఎవరు ఎవరిని? మాటల్లో సందర్భం చెబుతుంది. కల కవితలో సందర్భమే ఉండదు. అందుకే ప్రతి క్రియకూ కర్త ఎవరో తడుముకోకుండా దొరకాలి. బొమ్మ వింతదైనప్పుడు వాక్యం చదును రోడ్డులా ఉండాలి.

ఇప్పుడు "గుర్తుపట్టలేదు" అన్నదాన్ని చెప్పకుండా చూపించడమెలా? కండక్టర్ చిల్లర రాసిచ్చి ఏమంటాడు? ఆమె మొదట "దిగేటప్పుడు తీసుకోమ్మా" అని రాసింది. సహజంగా ఉంది. కానీ కూతురిని నాన్నా అలాగే అంటాడు, ప్రయాణికురాలిని కండక్టరూ అలాగే అంటాడు. గుర్తుపట్టాడో లేదో తేలదు. ఇది మంచి సందిగ్ధం కాదు, గందరగోళం. "తీసుకోండి" అని మార్చగానే తేలిపోయింది. తండ్రి నోట కూతురికి మర్యాద బహువచనం. పక్కన బుట్టతో ఉన్న ముసలామెను మాత్రం "అమ్మా" అంటాడు. ఇక వ్యాఖ్య అవసరం లేదు.

చివర ఎలా ముగించాలన్నది ఇంకో కష్టం. కల ముగియదు, తెగిపోతుంది. "ఇంతలో మెలకువ వచ్చింది" అని రాస్తే అప్పటిదాకా కూర్చిందంతా ఉత్తదే అని పాఠకుడికి చెప్పినట్టు. ముగింపు కలలో లేకపోతే కల్పించుకోవచ్చా? ఇక్కడ కోల్‌రిడ్జ్ కథ గుర్తుకొస్తుంది. "కుబ్లా ఖాన్" 1816లో అచ్చయినప్పుడు ముందుమాటలో ఆయన చెప్పుకున్నదేమిటంటే, 1797లో మందు వేసుకుని పర్చస్ యాత్రాగ్రంథం చదువుతూ నిద్రపోయాడు, కలలో రెండు మూడు వందల పాదాలు వాటంతటవే వచ్చాయి, లేచి రాస్తుంటే పోర్లాక్ నుంచి ఎవరో పనిమీద వచ్చి చెడగొట్టారు. పాపం ఆ పోర్లాక్ మనిషిని రెండు శతాబ్దాలుగా తిడుతూనే ఉన్నారు. కానీ బ్రిటిష్ లైబ్రరీలో ఉన్న కోల్‌రిడ్జ్ చేతిరాత ప్రతికీ అచ్చుప్రతికీ తేడాలున్నాయి. రాజు గోడ కట్టించిన నేల కొలతను తెలిపే అంకె మారింది. చివర్లో వచ్చే కొండ పేరు మారింది. కలను దించుకున్నవాడు అంకెలు దిద్దుకోడు, దిద్దుకునేవాడు కవి. ఇంకా ముఖ్యం, 54 పాదాల కవితలో చివరి 18 కోటకు సంబంధించినవి కావు. ఆ దృశ్యం మళ్లీ దొరికితే తానేం చేసేవాడో అని తపించే మనిషి గొంతు అది. తెగిపోయిన కలను ఆ తెగడం నుంచే ముగించాడన్నమాట.

కాబట్టి కల్పించుకోవచ్చు. షరతు ఒక్కటే, ముగింపు కల నియమంలోంచే రావాలి. ఈ కలలో బాకీ ఉంది, దిగడం ఉంది. దిగితే బాకీ తీరుతుంది, నాన్నతో లావాదేవీ ముగుస్తుంది. ఆమె ఏం చేస్తుందో ఆ లెక్కే చెబుతోంది. అంకె కూడా కావాలి, నోటులో లేదు. నూట ఎనిమిది అని పెడితే జపమాల గుర్తొస్తుంది, పాఠకుడు అర్థాలు వెతకడం మొదలుపెడతాడు. వంద నోటు, పన్నెండు రూపాయల టికెట్ అనుకుంటే ఎనభై ఎనిమిది. ఏ అర్థమూ లేని అంకె కనుక అది సరిపోయింది.

ఇలా తయారైన ప్రతిని ఇద్దరికి చదివి వినిపించాలి. అడగవలసింది "అర్థమైందా?" అని కాదు, "ఏం జరిగింది?" అని. జరిగింది ఇద్దరూ ఒకేలా చెప్పి, దాని అర్థం మాత్రం చెరోలా చెబితే కవిత బాగున్నట్టే. జరిగిందే చెరోలా చెబితే మరమ్మతు చేయాలి. ఈ కవిత విని ఒకరు "బస్సు చెరువులో పడిపోయిందా?" అనొచ్చు. బస్సు ప్రమాద వార్తలు చదివే దేశంలో అది సహజమైన ప్రశ్నే. బట్టలు తడవలేదన్న పాదాన్ని మూడోదిగా పైకి తెచ్చి, బుట్ట ముసలామెను బతికిస్తే ఆ అనుమానం తగ్గుతుంది. ఇంకొకరు "వాళ్ల నాన్న కండక్టర్ ఉద్యోగం చేసేవాడా?" అనొచ్చు. ఆయన కండక్టర్ కాదనీ, బతికి లేడనీ రెండు సమాచారాలు చేర్చాలి, వివరణలా కాకుండా. ఖాకీ చొక్కా ఒకటి, గోడ మీది ఫొటో ఒకటి ఆ పని చేశాయి:

చిల్లర

మా ఊరి చెరువు అడుగున పోతోంది బస్సు.
అద్దాలకు నాచు.
లోపల ఎవరి బట్టలూ తడవలేదు.

"బుట్ట కాస్త జరుపమ్మా" అని
ముసలామెతో అంటూ కండక్టర్ వచ్చాడు.
నాన్న.
ఎన్నడూ ఖాకీ తొడగని నాన్న.
దండ వేసిన ఫొటోలో ఉన్న కళ్లజోడే.

ఊరి పేరు చెప్పి వంద నోటు ఇచ్చాను.
టికెట్ వెనక ఎనభై ఎనిమిది అని రాసి
"దిగేటప్పుడు తీసుకోండి" అన్నాడు.

మా ఊరొచ్చింది.
ముసలామె బుట్ట దింపుకుంది.
నేను ఇంకో టికెట్ అడిగాను,
పై ఊరికి.

ముందు ప్రతిలో చివరి చరణంలో "దిగితే బాకీ తీరిపోతుంది" అని ఒక పాదం ఉండేది. అది ఉంటే మందమతికి కూడా అర్థమవుతుంది. కానీ లెక్క పాఠకుడు వేసుకోగలిగినప్పుడు కవి వేసి చూపించడం దేనికి? ఆ పాదం తీసేశాక ఒకరిద్దరు "ఇంకో టికెట్ ఎందుకు?" అని ఆగుతారు. ఆగి, ఒక చరణం వెనక్కి వెళ్లి అంకె చూసుకుంటారు. జవాబు కవితలోనే దొరుకుతుంది కనుక ఆ ఆగడం వల్ల నష్టం లేదు. దొరకని చోట ఆగితేనే నష్టం.

పేరు విషయంలోనూ తర్జనభర్జన తప్పదు. "నాన్న కల" అని పెడితే పాఠకుడు మొదటి పాదం చదవకముందే ఇదంతా ఉత్తదని స్థిమితపడతాడు. "నాన్న బాకీ" అంటే ముగింపు పైనే తెలిసిపోతుంది. "చెరువు అడుగున" అంటే మొదటి పాదంలోని వింత పేరులోనే ఖర్చయిపోతుంది. "చిల్లర" అన్నది మామూలు బస్సు మాట, కవితలో ఒక్కసారి కూడా రాని మాట. అంకె కనబడే దాకా దాని అవసరం తెలియదు, అంకె కనబడ్డాక పేరు వైపు చూడాల్సి వస్తుంది.